అమ్మ గదిలో పాత టీవీ, ఫ్రాన్సులో పిన్ని

మా ఇంట్లో పాత డబ్బా టీవీకి వీడియో కాల్ ఎలా పెట్టారో వివరంగా రాయమని పోయిన సమావేశంలో నలుగురైదుగురు అడిగారు. నోటితో చెబితే సగం మరిచిపోతారు కాబట్టి, తీరిగ్గా చదువుకుంటారని ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

యానాంలో పుట్టి పెరిగిన వాళ్ళకి ఫ్రాన్సులో చుట్టాలుండడం కొత్తేమీ కాదు. 1954 నవంబరు ఒకటిన పాలన చేతులు మారినా, ఒప్పందం చట్టప్రకారం అమల్లోకొచ్చింది 1962 ఆగస్టు 16న. అప్పటినుంచి ఆరు నెలల్లోపు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంటామని రాసిచ్చిన వాళ్ళు అలాగే ఉండిపోయారు. మా పిన్ని అత్తవారు అలా రాసిచ్చినవాళ్ళే. 1969లో పెళ్ళి చేసుకుని బాబాయితో పారిస్ వెళ్ళిపోయింది. మా అమ్మ ఇక్కడే ఉండిపోయింది. మొదట ఉత్తరాలు, తర్వాత ఎస్టీడీ బూతు, ఆ తర్వాత సెల్‌ఫోను. అక్కచెల్లెళ్ళిద్దరూ యాభై ఏళ్ళ పైనుంచీ ఇలాగే మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు అమ్మకి ఎనభై ఒకటి, పిన్నికి డెబ్భై ఆరు. రెండేళ్ళ కిందట అమ్మని కాకినాడ తీసికెళితే, కంటి వెనక పొరలో సరిగ్గా మధ్యభాగం అరిగిపోయిందని, అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరుగారు చెప్పారు. గది గోడలూ గుమ్మం, నడిచొచ్చే మనిషి ఆకారం అన్నీ తెలుస్తాయి. సూటిగా చూసిన చోట మాత్రం ముఖం బదులు మసక మచ్చ కనబడుతుంది. ఫోనులో పిన్ని ముఖం బొటనవేలంత ఉంటే, ఆ మచ్చలో మొత్తం ముఖమే కలిసిపోతుంది. అటువైపు పిన్నికి చెవులు తగ్గాయి. వినికిడి మిషను పెట్టుకున్నా మాట సగమే అందుతుంది, మిగతా సగం ఎదుటివాళ్ళ పెదాలు చూసి పోల్చుకుంటుంది. అంటే ఒకరికి పెద్ద బొమ్మ కావాలి, ఇంకొకరికి పెదాలు స్పష్టంగా కనబడాలి. ఫోను ఆ రెండూ ఇవ్వలేకపోయింది. ఆఖరికి ఇద్దరూ "బాగున్నావా?" "బాగున్నా" అనేసి పెట్టేసే స్థితికి వచ్చారు.

హాల్లో పెద్ద టీవీ ఉందిగా అని మీరు అడగొచ్చు. అది మేడ మీద ఉంది, అమ్మ మెట్లెక్కలేదు. పైగా చెల్లెలితో మాట్లాడేటప్పుడు పక్కన జనం ఉంటే అమ్మకి ఇష్టం ఉండదు. అప్పుడు మా అబ్బాయికి, పదకొండో తరగతి చదువుతున్నాడు, అటక మీది ఇరవైయొక్క అంగుళాల డబ్బా టీవీ గుర్తొచ్చింది. దించి, దుమ్ము దులిపి, అమ్మ గదిలో బల్ల మీద పెట్టాడు. వెనక మూత మాత్రం విప్పనివ్వలేదు మేము. ఆ గాజు గొట్టం టీవీల్లో ప్లగ్గు తీసేసినా లోపల ప్రాణాంతకమైన విద్యుత్తు నిలవుండొచ్చు. దుమ్ము దులపడం, వాడుకోవడం వరకే ఇంట్లో మన పని.

వాడు ముందు చేసిన పనికి పైసా ఖర్చు కాలేదు. టీవీ ముందు భాగంలో చిన్న మూత కింద పసుపు, తెలుపు, ఎరుపు రంగు రంధ్రాలు మూడుంటాయి. పసుపుది బొమ్మకి, మిగతా రెండూ శబ్దానికి. పాత డీవీడీ ప్లేయరు తెచ్చి ఆ మూడింటికీ తగిలించి ఏదో సినిమా పెట్టాడు. బొమ్మ వచ్చింది. అంటే గొట్టం, రంధ్రాలు రెండూ బాగున్నట్టే. మీరు చేసినా ముందు ఇది చూసుకోండి. ఇక్కడే బొమ్మ రాకపోతే తర్వాత కొనేవన్నీ దండగ.

రెండో వస్తువు ల్యాప్‌టాప్. మా తమ్ముడు వాడి పక్కన పడేసినది, బ్యాటరీ చచ్చిపోయింది గానీ తీగ తగిలిస్తే నడుస్తుంది. దానికి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంది, టీవీకి లేదు. మధ్యలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన పెట్టె ఒకటి కావాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ పెట్టెలు రెండు రకాలు, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. ఒకటి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మారుస్తుంది, రెండోది ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి. మనకి కావలసింది మొదటిది. బజార్లో రెండోది చేతిలో పెడితే, అబ్బాయి అక్కడే పెట్టె తిప్పి చూశాడు. హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కన 'ఇన్‌పుట్' అని, మూడు రంగుల రంధ్రాల పక్కన 'అవుట్‌పుట్' అని ఉంటేనే తీసుకోవాలి. అది చూపించి మార్పించుకున్నాడు. ఆ పెట్టెకి కరెంటు కూడా కావాలి, ఫోను ఛార్జరుకి తగిలిస్తే చాలు. మాకు పెట్టె, కెమెరా, తీగలు అన్నీ కలిపి రెండు వేల లోపు అయింది.

అన్నీ తగిలించి, టీవీని ఏవీకి మార్చి, ల్యాప్‌టాప్‌లో విండోస్ మీట, P కలిపి నొక్కి Duplicate ఎంచుకున్నాడు. అంటే ల్యాప్‌టాప్‌లో ఏముంటే టీవీలోనూ అదే. బొమ్మ వచ్చింది, కానీ నలుపు తెలుపులో. "పాతది కదా, రంగు పోయింది" అనుకున్నాం మేము. "రంగు పోలేదు నాన్నా, డీవీడీకి వచ్చిందిగా" అన్నాడు వాడు. డీవీడీతో ముందే చూసుకోవడం ఇక్కడ పనికొచ్చింది. పెట్టె పక్కన చిన్న మీట ఉంది, ఒకవైపు పాల్, ఇంకొకవైపు ఎన్‌టీఎస్‌సీ. మన దేశం టీవీలు పాల్ పద్ధతివి. మీట అటు జరపగానే రంగులొచ్చాయి. రంగు రాకపోయినా, బొమ్మ పైకీ కిందకీ దొర్లుతున్నా ముందు ఆ మీట చూడండి.

మొదటి కాల్‌కి పిన్ని కూతురే ముందు కూర్చుంది. ముఖం దోసకాయలా సాగిపోయి కనబడింది. దానికి కారణం ఉంది. ల్యాప్‌టాప్ తెర అడ్డంగా వెడల్పు, డబ్బా టీవీ దాదాపు చతురస్రం. ఆ వెడల్పు బొమ్మని పెట్టె ఈ చదరంలోకి కుక్కేసరికి పక్కలు నొక్కుకుపోయి ముఖం పొడుగవుతుంది. తెర కొలత 1024×768 గానీ 800×600 గానీ పెడితే ల్యాప్‌టాప్ పంపే బొమ్మే టీవీ ఆకారంలో ఉంటుంది. అబ్బాయి ఒక పళ్ళెం ఫొటో తెర నిండా పెట్టి, టీవీ మీద స్కేలుతో అడ్డం, నిలువు కొలిచాడు. రెండూ సమానమయ్యే దాకా కొలతలు మార్చాడు. కంటికి "బాగానే ఉందిలే" అనిపించినా స్కేలు అబద్ధం చెప్పదు.

ఈ టీవీతో తీరని ఇబ్బందులు రెండున్నాయి, ముందే తెలుసుకోవడం మంచిది. మొదటిది అక్షరాలు. పాత టీవీ బొమ్మ నిలువునా సుమారు 576 గీతల్లో వస్తుంది, ల్యాప్‌టాప్‌లోని సన్నటి అక్షరాలు అందులో అలుక్కుపోతాయి. ముఖానికి అదేం అడ్డు కాదు. సినిమాల్లో హీరోల్ని మనం అన్నేళ్ళు చూసింది ఈ గీతల్లోనేగా! రెండోది, డబ్బా టీవీలు బొమ్మ అంచుల్ని నాలుగు పక్కలా కొద్దిగా చట్రం వెనక్కి మింగేస్తాయి. కాల్ ఎత్తే బొత్తాం, పెట్టేసే బొత్తాం అంచునే ఉంటాయి కాబట్టి టీవీలో కనబడకపోవచ్చు. అందుకే నొక్కడం, చదవడం అంతా ల్యాప్‌టాప్ మీదే, ముఖం చూడడం మాత్రమే టీవీలో అని మా అబ్బాయి విడగొట్టేశాడు. అమ్మ చదవాల్సింది గానీ నొక్కాల్సింది గానీ ఏమీ లేదు.

తీగల పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. మూడు వారాలు పట్టింది దాని తర్వాతి పనికే.

మొదటి కాల్‌లో పిన్ని "అక్కా, నువ్వు నల్లగా ఉన్నావే, ముఖం కనబడట్లేదు" అంది. అమ్మ కుర్చీ వెనక కిటికీ ఉంది. కిటికీ వెలుగు ఎక్కువై, కెమెరా దానికి తగ్గట్టు సర్దుకునేసరికి అమ్మ ముఖం చీకటైపోయింది. బల్ల ఎదురు గోడకి మార్చి, కిటికీ వెలుగు అమ్మ ముఖం మీద పడేలా చేశాం. సాయంత్రాలకి టీవీ పక్కన చదువుకునే దీపం ఒకటి గోడ వైపు తిప్పి పెట్టాడు. గోడ మీద పడి వచ్చే వెలుగు కంట్లో గుచ్చుకోదు, పెదాల కింద నీడ పడదు. అమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడే అలవాటు. "మామ్మా, కొంగు తియ్యి, చిన్నమామ్మకి నీ మాట అక్కడే కనబడుతుంది" అని రోజూ గుర్తు చేసేవాడు. "ముసలిదాన్ని, పళ్ళు లేవురా" అనేది అమ్మ. "ఆవిడకి కావలసింది పళ్ళు కాదు మామ్మా, పెదాలు" అనేవాడు.

తర్వాత శబ్దం. హెచ్‌డీఎంఐ తీగ తగిలించగానే శబ్దం కూడా దాని వెంటే టీవీలోకి వెళ్ళిపోయింది. టీవీలోంచి గట్టిగా వచ్చిన పిన్ని గొంతు, టీవీ మీదే ఉన్న కెమెరా మైకులోకి దూరి, తిరిగి పిన్నికే వినబడింది. మామూలు చెవులకి అది చిరాకు మాత్రమే. వినికిడి మిషనుతో వినేవాళ్ళకి మాట మీద మాట పడి ఏమీ అర్థం కాదు. అబ్బాయి టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేసి, ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో శబ్దాన్ని మామూలు స్పీకరుకి మార్చి, తీగ ఉన్న చిన్న స్పీకరు అమ్మ కుర్చీ వెనక చెవి పక్కన పెట్టాడు. మైకు ముందు, స్పీకరు వెనక. ప్రతిధ్వని పోయింది.

కెమెరాని టీవీ పైఅంచున నడిమధ్య కూర్చోబెట్టాడు. ఎక్కడో పక్కన పెడితే అమ్మ టీవీ చూసి మాట్లాడుతుంటే, అవతల పిన్నికి పక్కచూపులు చూస్తున్నట్టు ఉంటుంది, పెదాలు కూడా సగమే కనబడతాయి. అమ్మ కుర్చీ టీవీకి రెండున్నర అడుగుల దూరంలో ఉంది. మామూలు వాళ్ళకి అది మరీ దగ్గరే. కానీ ముఖం కంటికి ఎంత పెద్దగా పడితే, మసక మచ్చ అందులో అంత చిన్న భాగాన్నే కప్పుతుంది. కొంచెం పక్కకి చూపు నిలిపితే మిగతా ముఖం తెలుస్తుందని అమ్మే కనిపెట్టింది. పిన్ని ముఖం చూడాలంటే టీవీ కుడి మూలని చూస్తుంది. కొత్తగా చూసేవాళ్ళకి విచిత్రంగా ఉంటుంది, ఆవిడ చూపు మిగిలింది అక్కడే మరి.

ఇక అటువైపు సంగతి. పిన్ని కూతురు ఫోను నిలువుగా పట్టుకునేది. నిలువు బొమ్మ టీవీలో మధ్యన సన్నటి పట్టీలా, రెండు పక్కలా నల్లగా వచ్చేది. ఇంత చేసీ పిన్ని ముఖం మళ్ళీ చిన్నదే అయింది. ఫోను అడ్డంగా తిప్పి, చేత్తో పట్టుకోకుండా బల్ల మీద పుస్తకాలకి ఆనించమని అబ్బాయి బొమ్మ గీసి పంపాడు. అప్పటినుంచి పిన్ని నడుం దాకా, రెండు చేతులతో సహా టీవీ నిండా కనబడడం మొదలైంది.

ఆ రోజు మేము గదిలోనే ఉన్నాం. ఇద్దరూ చింతకాయ పచ్చడి గురించి మాట్లాడుకుంటున్నారు. మాటల మధ్యలో అమ్మ ఆగిపోయి, "నీ కుడిచెయ్యి ఏమైందే?" అంది. పిన్ని వినబడనట్టు ఊరుకుంది. అమ్మ కొంగు పక్కకి తీసి, ఒక్కొక్క మాటా విడదీసి, మళ్ళీ అడిగింది. "నువ్వు చేతులు తిప్పకుండా మాట్లాడవు. ఎడంచెయ్యే తిరుగుతోంది. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవలేదు." పిన్ని కళ్ళు దించేసుకుంది. వెనకనుంచి కూతురు చెప్పింది. నాలుగు నెలల కిందట చిన్నగా పక్షవాతం వచ్చిందట, ఆసుపత్రిలో వారం ఉందట. "అక్కకి చెప్పకండి, కళ్ళు కనబడని మనిషి, అక్కడ కూర్చుని ఏడుస్తుంది" అని పిన్నే ఒట్టు పెట్టించిందట. ఈ నాలుగు నెలల్లో ఫోనులో ఎన్నిసార్లు "బాగున్నా" అందో లెక్కలేదు.

మాలో చూపు బాగున్న నలుగురం అదే టీవీ చూస్తున్నాం, మాకెవరికీ తెలియలేదు. మేము ముఖమే చూస్తున్నాం. అమ్మకి ముఖం సరిగా తెలియదు కాబట్టి చుట్టూ కదిలేది చూస్తుంది. కంటి మధ్యభాగం పోయినా, పక్కచూపుకి కదలిక బాగా తెలుస్తుందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. ఫోను నిలువుగానే ఉండి ఉంటే ఆ చెయ్యి బొమ్మలోకే వచ్చేది కాదు.

అమ్మ ఏడవలేదు. "డాక్టరు ఏం చెయ్యమన్నాడు?" అంది. రబ్బరు బంతి రోజూ పిసకమన్నారట, పిన్ని విసుగొచ్చి మానేసిందట. "తే ఆ బంతి" అంది అమ్మ. ఆ రోజునుంచి ప్రతి కాల్‌లో మొదటి పదిహేను నిమిషాలు బంతికే. అమ్మ వేళ్ళు ఎత్తి లెక్క చూపిస్తుంది, పిన్ని పిసుకుతుంది. చెవులు వినబడకపోయినా వేళ్ళ లెక్క తెలుస్తుంది, కళ్ళు కనబడకపోయినా చెయ్యి కదిలిందో లేదో తెలుస్తుంది. మొదట్లో ఆరు సార్లకే ఆగిపోయేది. ఇప్పుడు ముప్ఫై దాకా వస్తోంది. గ్లాసు పట్టుకోవడం ఇంకా రాలేదు.

వేళ గురించి ఒక మాట. పిన్నికి ఆది, బుధవారాల్లో మధ్యాహ్నం మూడింటికి కుదురుతుంది. వేసవిలో మనకది సాయంత్రం ఆరున్నర. ఫ్రాన్సులో అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి ఆఖరి ఆదివారం మళ్ళీ ముందుకి. కాబట్టి చలికాలంలో వాళ్ళ మూడు గంటలు మనకి ఏడున్నర. మొన్న అక్టోబరు ఆఖరి ఆదివారం ఆరున్నరకి ఫోను మోగకపోయేసరికి, చెయ్యి సంగతి తెలిసిన అమ్మ ఆ గంట ఎలా గడిపిందో చూసినవాళ్ళకే తెలుసు. గుమ్మానికీ టీవీకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఏడున్నరకి పిన్ని నవ్వుతూ వచ్చింది. ఆ రాత్రే అబ్బాయి రెండు తేదీలూ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసిపెట్టాడు. విదేశాల్లో వాళ్ళున్న ప్రతి ఇంట్లో అలా రాసుకోవాలని మా మనవి.

తేలని సంగతులూ ఉన్నాయి. అమ్మ ఒక్కతే కాల్ ఎత్తలేదు, ఎవరో ఒకరం ల్యాప్‌టాప్ దగ్గర నొక్కాలి, నొక్కి బయటికొచ్చేస్తాం. డబ్బా టీవీ వెలిగించగానే కేబులు చుక్కలే వస్తాయి, ఏవీకి మనమే మార్చాలి. రిమోటులో ఆ ఒక్క బొత్తాం, వెలిగించే బొత్తాం వదిలి మిగతావన్నీ అబ్బాయి టేపుతో మూసేశాడు. గొట్టం వెలుగు ఏటికేడు తగ్గుతుంది, ఎప్పుడో ఒకరోజు ఆరిపోతుంది కూడా. అప్పుడు దాన్ని పగలగొట్టకూడదు, ఆ గాజులో సీసం ఉంటుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే వాళ్ళకే ఇవ్వాలి. పై ఏడాది అబ్బాయి చదువుకి ఊరు దాటితే ఎలాగన్న ప్రశ్న కూడా ఉంది. ఏ తీగ ఎక్కడ, ఏ బొత్తాం ముందు అన్నది అట్ట మీద పెద్దక్షరాలతో రాసి బల్ల పక్కన వేలాడదీశాడు. పోయిన బుధవారం వాడు ట్యూషన్లో ఉంటే అది చూసుకుంటూ మేమే కలిపాం. పాల్ మీట దాకా వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

మీ అటక మీదా ఇలాంటి డబ్బా ఉంటే, ముందు డీవీడీతో ఆ మూడు రంగుల రంధ్రాలు చూడండి. బొమ్మ వస్తే మాకు కబురు చెయ్యండి, ఆదివారం పొద్దున్న అబ్బాయిని తీసుకుని వస్తాం. సాయంత్రం మాత్రం కుదరదు, ఆ వేళ మా ఇంట్లో బంతి లెక్క నడుస్తూ ఉంటుంది.